మాజీ మేనేజరు గారికి, ఒక్క ఐదు నిమిషాలు

ఆదివారం రాత్రి పదిన్నరకు ఉత్తరం వచ్చింది. రాసినవాడు ఆరేళ్ల క్రితం నా దగ్గర పనిచేసిన కుర్రాడు. "మీరు కుటుంబసమేతంగా క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టి, నేను క్షేమమో కాదో చెప్పే వ్యవధి ఇవ్వకుండా రెండో వాక్యంలోనే అమెరికా చేరుకున్నాడు. ఎమ్మెస్‌కు ఆరు విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేస్తున్నాడట. సిఫార్సు లేఖ కావాలి. రెజ్యూమె కూడా కొత్తగా మార్చాడు కాబట్టి "ఒక్క ఐదు నిమిషాలు" చూసి చెప్పాలి. గడువు మంగళవారం.

ఈ ఐదు నిమిషాలు అనేది మన ఉద్యోగ ప్రపంచంలో కాలమానం కాదు, మర్యాద. పెళ్లిపిలుపులో "తప్పకుండా సకుటుంబంగా రావాలి" అన్నట్టు. దాన్ని గడియారంతో కొలిచేవాడు మూర్ఖుడు. నేను కొలిచాను. జతచేసిన ఫైలు పేరు `Resume_Final_New_2(1).docx` అని చదివి, అంతకుముందు ఎన్ని అంతిమాలు అంతరించాయో ఊహించుకునేసరికే ఒక నిమిషం అయిపోయింది.

లోపల నాలుగు పేజీలున్నాయి. మొదటి పేజీలో తండ్రి పేరు, పాస్‌పోర్టు నంబరు, అవివాహితుడన్న సమాచారం. ఇది సంబంధం చూసేవారికి పనికొస్తుంది. ప్రవేశాల కమిటీకి అక్కర్లేదు. పక్కనే రంగురంగుల పట్టీల మీద జావా 85 శాతం వచ్చునని ఉంది. మిగిలిన 15 శాతం ఏ ఊళ్లో మర్చిపోయాడో రాయలేదు. చివర "పై వివరాలన్నీ యథార్థమని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను", కింద స్థలం, తేదీ. అంటే ఈ వాక్యం లేకపోతే పైవన్నీ అబద్ధాలని అర్థం చేసుకోవాలి కాబోలు.

అసలు విందు జతచేసిన మరో ఫైలులో ఉంది. "మీ శ్రమ తగ్గించడానికి సిఫార్సు లేఖ ముసాయిదా నేనే రాశాను సర్, మీరు చూసి పెడితే చాలు" అన్నాడు. తప్పు అతనిది కాదు. "నువ్వే రాసి పంపు, నేను సంతకం పెడతాను" అనే మేనేజర్ల వంశం మనది. ఆ వంశాచారాన్ని అతను ముందే గౌరవించాడు, అంతే. కనుక నా లేఖను నేను మొదటిసారి పాఠకుడిగా చదివాను. "నా పద్దెనిమిదేళ్ల అనుభవంలో ఇంతటి ప్రతిభావంతుణ్ని చూడలేదు" అన్నానట. అప్పటికి నా అనుభవం పదకొండేళ్లు. రెండో పేరాలో అతని నాయకత్వ లక్షణాలకు ముగ్ధుణ్నయ్యాను. మూడో పేరాలో హఠాత్తుగా "ఆమె ఓర్పు నన్ను కదిలించింది" అన్నాను. ఎవరో స్నేహితురాలి ముసాయిదాలోంచి ఓర్పుతో సహా దిగుమతి అయిందన్నమాట. సిఫార్సు చేసేవారు ముగ్గురు కావాలి కాబట్టి, మిగతా ఇద్దరి తరఫునా ఇతనే రాసి ఉంటాడు. ముగ్గురు వేర్వేరు మనుషులని నమ్మించడానికి ఒకరికి ఒక అక్షరాల తీరు, ఇంకొకరికి మరొకటి వాడి ఉంటాడు. కాలేజీ ప్రొఫెసరు గారూ, ప్రాజెక్టు గైడు గారూ, నేనూ ఒకరినొకరం ఎరగకపోయినా ఒకే రాత్రి, ఒకే కామా తప్పుతో, ఒకే కుర్రాడికి ముగ్ధులమైపోతాం. ఇలాంటి లేఖలను వందల్లో చదివే కమిటీ మనుషులు దీన్ని గుర్తుపట్టరని మన నమ్మకం.

నవ్వుకుంటూ రెజ్యూమె మూడో పేజీకి వచ్చాను. అక్కడ ఒక వాక్యం ఉంది: "బ్యాచ్ ప్రోగ్రాం పనితీరు మెరుగుపరచడంలో పాలుపంచుకున్నాను."

పాలుపంచుకున్నాడట!

జరిగింది చెబుతాను. అది ఒక బీమా సంస్థ పని. రాత్రి 11 గంటలకు మొదలయ్యే బ్యాచ్, ఎవరికి ప్రీమియం బాకీ ఉందో లెక్కతీసి ఉదయం 6 లోపు ముగియాలి. ఆ రోజుల్లో 6.40 దాటేది. ఈ కుర్రాడు మొదట డేటాబేస్ యంత్రం చిన్నదనుకున్నాడు, పెద్దది కావాలని నాచేత అడిగించాడు. తర్వాత వరుసగా మూడు రాత్రులు లాగ్‌లు చదివాడు. ప్రోగ్రాం ఒక్కో పాలసీకి విడిగా వెళ్లి, పాలసీదారు చిరునామా ఏమిటని డేటాబేస్‌ను అడుగుతోంది. పాలసీలు 12 లక్షలు. ఒక్కో ప్రశ్నకు 20 మిల్లీసెకన్లు పట్టినా మొత్తం 6 గంటల 40 నిమిషాలు చిరునామాలకే పోతాయి. అతను పాలసీల పట్టికనూ చిరునామాల పట్టికనూ కలిపి, చిరునామాలన్నీ ఒక్క ప్రశ్నతో తెప్పించాడు. మర్నాటి నుంచి మొత్తం పని గంటలోపు ముగిసింది. నాలుగో రోజు పొద్దున నా దగ్గరికి వచ్చి, "యంత్రం గురించి నేను చెప్పింది తప్పు సర్, కొనకండి" అన్నాడు.

రెజ్యూమెలో ఉండాల్సింది ఇది: 12 లక్షల ప్రశ్నల్ని ఒకటి చేసి, ఏడున్నర గంటల పనిని గంటలోపుకు దించాను. ఒక్క వాక్యం చాలు. దానికి ఆధారం అంకె. నా లేఖలో ఉండాల్సింది మాత్రం వేరు: ఆ మూడు రాత్రులూ, ఆ నాలుగో పొద్దూ. తన అంచనా తప్పని తానే వచ్చి చెప్పాడన్నది ఎవరూ తన రెజ్యూమెలో రాసుకోలేరు, చూసినవాడే రాయాలి. సిఫార్సు అనేది ఉన్నదే అందుకు. అతను ఉత్తరంలో ముసాయిదాకు బదులు "ఆ బ్యాచ్ గుర్తుందా సర్" అని ఒక్క మాట గుర్తుచేసి, మూడు వారాల ముందు అడిగి ఉంటే సరిపోయేది.

ఎందుకు గుర్తుచేయలేదు? రెజ్యూమెలో మొదటి వాక్యం మళ్లీ చూశాను: "చొరవ గల జట్టు సభ్యుడు, నలుగురికీ కనిపించేలా పనిచేయడంపై దృష్టి పెడుతున్నాడు." ఈ మాటలు ఎక్కడో విన్నానే అనుకున్నాను. నావే. ఆ ఏడాది అతని వార్షిక మదింపు ఫారంలో నేను రాసినవే. జట్టులో ఎనిమిది మంది ఉంటే పై శ్రేణి ఇద్దరికే ఇవ్వాలన్నారు పైవాళ్లు. ఇచ్చాను. ఆ బ్యాచ్ కథను క్లయింటుకు అందమైన బొమ్మలతో వివరించిన వాడికి 5 ఇచ్చాను. మూడు రాత్రులు కూర్చున్నవాడికి 3 ఇచ్చి, "ఇంకా నలుగురికీ కనిపించాలి" అని సలహా కూడా పారేశాను. రాత్రి రెండు గంటలకు లాగ్‌లు చదివేవాడు ఎవరికి కనిపిస్తాడు? కాపలా మనిషికి. సిగ్గులేకుండా ఆ వాక్యం రాసి, సంతకం పెట్టి, అయిదింటికల్లా ఇంటికి వెళ్లాను. చేసిన పని చెప్పుకోవడం దండగ, మేనేజరుకు నచ్చే మాటలు చెప్పడమే బతుకు అని ఆ కుర్రాడికి నేర్పింది మనమే. నేర్పి, ఇప్పుడు అతని ముసాయిదా చదివి నవ్వుతున్నాం.

సోమవారం రాత్రి విశ్వవిద్యాలయం లింకు తెరిచాను. ఆఫీసు ఈమెయిలే కావాలంది. తోటివారితో పోలిస్తే ఇతను పై 5 శాతంలో ఉన్నాడా, 10లోనా, 25లోనా, 50లోనా అని అడిగింది. ఆరేళ్ల కిందట ఎనిమిది మందిలో వేయలేని చోట ఒక చుక్క పెట్టడానికి అరనిమిషం పట్టింది. పైన చిన్న అక్షరాల్లో ఒక సంగతి ఉంది. అమెరికాలో 1974 నాటి చట్టం ప్రకారం, చేరిన తర్వాత విద్యార్థి తన లేఖలు చూపించమని అడగవచ్చు. ఆ హక్కును ఇతను వదులుకున్నాడు. అలా వదులుకుంటేనే కమిటీ లేఖను నమ్ముతుందని అందరూ చెబుతారు.

కాబట్టి ముసాయిదా పక్కన పడేసి రాశాను. ఆ రాత్రుల గురించి, ఆ పొద్దున గురించి, ఆ ఏడాది నేనిచ్చిన 3 తప్పని కూడా. రాయడానికి గంటన్నర పట్టింది.

అతనికి మాత్రం రెండు ముక్కల జవాబు పంపాను. "చూశాను, బాగుంది. పాస్‌పోర్టు నంబరు తీసేయి, బ్యాచ్ సంగతి మొదటి పేజీలోకి తీసుకురా." వెంటనే సమాధానం వచ్చింది: "చాలా థ్యాంక్స్ సర్. ముసాయిదాలో ఏమైనా మార్చారా?"

లేదన్నాను.