నగల బరువు తగ్గింది, బిల్లు తగ్గలేదు

ఫోన్లలో ఫార్వర్డ్ అవుతున్న ఒక మెసేజ్ ఇది: "బంగారం రేటు ఇంత పెరిగాక జనం నగలు కొనడం మానేశారు. 2025 జూలై-సెప్టెంబర్‌లో మన దేశంలో నగల డిమాండ్ 31 శాతం పడిపోయిందని వరల్డ్ గోల్డ్ కౌన్సిలే చెప్పింది. అంటే నగల మీద జనం పెట్టే ఖర్చు మూడో వంతు పోయినట్టే. షాపులు మూతపడటమే తరువాయి. రేటు దిగితేనే మళ్లీ వ్యాపారం."

ముందు ఆ 31 శాతం సంగతి. అంకె నిజమే. 2024 జూలై-సెప్టెంబర్‌లో 171.6 టన్నులున్న నగల డిమాండ్, ఏడాది తర్వాత అదే మూడు నెలల్లో 117.7 టన్నులకు దిగింది. కానీ అది బరువు లెక్క. కౌన్సిల్ ఇచ్చిన అదే నివేదికలో విలువ లెక్క కూడా ఉంది. ఆ మూడు నెలల్లో నగల డిమాండ్ విలువ దాదాపు 1,14,270 కోట్ల రూపాయలు, అంటే ముందటి ఏడాదితో ఇంచుమించు సమానం. ఆ మెసేజ్‌లో మొదటి అంకె మాత్రమే ఉంది, రెండోది లేదు. మొదటిదాన్నే ఖర్చు అనుకుని మిగతా కథంతా అల్లారు.

బరువు మూడో వంతు పోయినా డబ్బు ఎలా నిలబడింది? ఆ ఏడాదిలో పది గ్రాముల సగటు ధర (దిగుమతి సుంకం, జీఎస్టీ కలపకుండా) సుమారు 66,600 రూపాయల నుంచి 97,000 రూపాయలకు పెరిగింది. అంటే సుమారు 46 శాతం. ధర 46 శాతం పెరిగినప్పుడు మొత్తం ఖర్చు మారకుండా ఉండాలంటే బరువు ఎంత తగ్గాలి? చాలామంది "46 శాతం" అంటారు. కాదు. 100ను 146తో భాగిస్తే 0.685 వస్తుంది. అంటే బరువు 31.5 శాతం తగ్గితే చాలు, బిల్లు పాత బిల్లుతో సమానమవుతుంది. అంతకంటే తక్కువ తగ్గితే ఖర్చు పెరిగినట్టు, ఎక్కువ తగ్గితే ఖర్చు పడిపోయినట్టు. ఇక్కడ తగ్గింది 31 శాతం పైచిలుకు, దాదాపు సరిగ్గా ఆ గీత మీదే.

ఇంటర్ ఎకనామిక్స్‌లో డిమాండ్ వ్యాకోచత్వం అని చదువుకున్నది ఇదే. ధర మారితే కొనే పరిమాణం ఎంత మారుతుందో చెప్పే కొలత అది. ఇక్కడ చదువుకున్నవాళ్లూ పొరబడే చోటు ఒకటుంది. 31ని 46తో భాగించి "0.67, ఒకటి కంటే తక్కువ, అంటే అవ్యాకోచం, ధర పెరిగినంతగా కొనడం తగ్గలేదు" అంటారు. మార్పు చిన్నదైతే ఆ లెక్క సరిపోతుంది. ఇంత పెద్ద మార్పుకి పాత అంకెను కాక, పాత కొత్త అంకెల సగటును ఆధారంగా తీసుకోవాలి. అలా చేస్తే ధర మార్పు 37 శాతం, బరువు మార్పు కూడా 37 శాతం. వ్యాకోచత్వం 1. ఖర్చు కదలకపోవడానికి అర్థం అదే.

ప్రతి మూడు నెలల లెక్కలోనూ ఇలాగే జరగదు. 2025 జనవరి-మార్చిలో నగల బరువు, ముందటి ఏడాది అవే నెలల్లో ఉన్న 95.5 టన్నుల నుంచి 71.4కి, అంటే 25 శాతం తగ్గింది. విలువ మాత్రం 3 శాతం పెరిగింది. ధర ఇంకా వేగంగా ఎగబాకి, జనం దిగుతుందేమోనని కొనడం వాయిదా వేస్తే ఖర్చు కూడా పడిపోవచ్చు. అందుకే "రేటు పెరిగితే ఖర్చు పెరుగుతుంది" అని తిరగేసి చెప్పినా తప్పే.

కొనేవాళ్లు మానేశారన్న మాటకి వద్దాం. పెళ్లి నగలకు ఒక కుటుంబం 6 లక్షలు అనుకుందనుకోండి. 22 క్యారెట్ గ్రాము 6,500 ఉన్నప్పుడు, 12 శాతం తరుగు, 3 శాతం జీఎస్టీ కలిపితే గ్రాము దాదాపు 7,500 పడుతుంది. 6 లక్షలకు 80 గ్రాములు, అంటే పది సవర్లు. గ్రాము 9,500 అయ్యాక, అవే లెక్కలతో 10,960 పడుతుంది. అదే 6 లక్షలకు 54.7 గ్రాములు, ఏడు సవర్లు కూడా నిండవు. ఈ ఇంటివాళ్లు షాపుకి వెళ్లారు, అనుకున్న డబ్బంతా ఖర్చు పెట్టారు, పెళ్లికి నగలు పెట్టారు. టన్నుల లెక్కలో మాత్రం 31 శాతానికి పైగా తగ్గినట్టు కనిపిస్తారు. మన ఇళ్లలో చాలామంది గ్రాములు తేల్చుకుని డబ్బు వెతుక్కోరు, డబ్బు తేల్చుకుని గ్రాములు సర్దుకుంటారు. నాలుగు పేటల గొలుసు రెండు పేటలవుతుంది, గాజులు లోపల బోలుగా వస్తాయి, 22 క్యారెట్ బదులు 18 క్యారెట్ తీసుకుంటారు. 2025 జూలైలో 9 క్యారెట్‌కి కూడా హాల్‌మార్క్ వచ్చింది.

ఇంకొకటి, ఈ టన్నుల లెక్కలో అసలే చేరని కొనుగోళ్లు ఉన్నాయి. పాత నగ ఇచ్చి కొత్తది తీసుకుంటే, పాత బంగారంతో తీరిన భాగాన్ని కౌన్సిల్ తన నగల డిమాండ్‌లో కలపదు. రేటు పెరిగినప్పుడు పాత బంగారం మార్చుకోవడం సహజంగానే పెరుగుతుంది. షాపులో బిల్లు రాస్తారు, తరుగు వసూలవుతుంది, టన్నుల్లో మాత్రం కనపడదు.

కొంత డబ్బు నగల నుంచి పక్కకు జరిగిన మాట కూడా నిజం. అదే జూలై-సెప్టెంబర్‌లో నాణేలు, కడ్డీల వంటి పెట్టుబడి డిమాండ్ 20 శాతం పెరిగి 91.6 టన్నులకు చేరింది. తరుగు పోగొట్టుకోకుండా బంగారం దాచుకుందామనుకున్నవాళ్లు వీళ్లు. ధర చూసి బంగారానికే దూరమైతే ఈ అంకె పెరగదు.

ఇక రేటు దిగితేనే వ్యాపారం అన్న మాట గురించి. 2024 జూలై 23న దిగుమతి సుంకం 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించారు. ధర ఒక్కసారిగా దిగగానే ఆగినవాళ్లంతా షాపులకు వచ్చారు. 171.6 టన్నులు ఆ ఊపులో వచ్చిన అంకె. దాంతో పోల్చితే తర్వాతి ఏడాది పతనం మామూలుకంటే పెద్దగా కనిపించక తప్పదు. ఎక్కువ కాలం మీద చూస్తే ఆదాయమే బలమైన కారణం. 2021లో కౌన్సిల్ వేసిన అంచనా ప్రకారం తలసరి ఆదాయం 1 శాతం పెరిగితే మన దేశపు బంగారం డిమాండ్ 0.9 శాతం పెరుగుతుంది, ధర 1 శాతం పెరిగితే 0.4 శాతం తగ్గుతుంది. నగలొక్కటే కాదు, నాణేలు కడ్డీలూ కలిసిన లెక్క అది.

అయితే దెబ్బ ఎవరికీ తగల్లేదని నేను అనడం లేదు. తగిలింది, కానీ మెసేజ్ చూపించిన వాళ్లకు కాదు. తరుగు ధరలో శాతంగా వసూలు చేసే షాపుకి, గ్రాము 6,500 ఉన్నప్పుడు 12 శాతం చొప్పున 780 వచ్చేది, 9,500కి 1,140 వస్తుంది. గ్రాములు తగ్గినా తరుగు ఆదాయం నిలుస్తుంది. గ్రాముకి ఇంత అని కూలి తీసుకునే స్వర్ణకారుడికి ఆ రక్షణ లేదు. అతని చేతికి వచ్చే బంగారం మూడో వంతు తగ్గితే కూలి కూడా మూడో వంతు తగ్గుతుంది. చిన్న మొత్తంతో కొనే ఇంటికీ అంతే. 20 వేలతో ముక్కుపుడక, చెవిదిద్దులు కలిపి కొనగలిగినవాళ్లు ఇప్పుడు ఒక్కటే కొనగలరు, లేదా ఆగిపోతారు. పైనున్నవాళ్లు ఎక్కువ ఖర్చు పెడితే దేశం మొత్తం విలువ అలాగే ఉంటుంది, ఆగిపోయినవాళ్లు అందులో కనపడరు. ఆ 31 శాతం మీద బాధపడాల్సింది వీళ్ల కోసం.