నాలుగు ఇండికేటర్లూ వేస్తే నేరుగా వెళ్తున్నట్టా?

"జంక్షన్‌లో స్ట్రెయిట్‌గా వెళ్లేటప్పుడు నాలుగు ఇండికేటర్లూ వెయ్యండి. ముందున్న లారీ రైట్ ఇండికేటర్ వేస్తే ఓవర్‌టేక్ చెయ్యమని అర్థం. ఇండికేటర్లున్న బండికి చేతి సైగలు అక్కర్లేదు." (వైజాగ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్)

ఈ మూడింట్లో మొదటి సలహాతోనే ఎక్కువ ముప్పు. హనుమంతవాక జంక్షన్‌నే తీసుకోండి. రాత్రి, సిగ్నల్ పసుపు లైటు మిణుకుతోంది. మీరు మద్దిలపాలెం నుంచి మధురవాడ వైపు కారులో నాలుగూ వేసుకుని వస్తున్నారు. ఆరిలోవ వైపు నుంచి ఒక బైకు హైవే ఎక్కబోతోంది. మీ కుడి లైటును ముందు పోతున్న ఆటో కప్పేసింది. బైకు మీదున్న అతనికి కనిపించేది ఎడమ ఇండికేటర్ ఒక్కటే. మీరు ఆరిలోవలోకి తిరుగుతున్నారనుకుని అతను ధైర్యంగా ముందుకొచ్చేస్తాడు. నేరుగా వెళ్లేవాడు ఏ ఇండికేటరూ వెయ్యకూడదు, అంతే. నాలుగూ వెయ్యాల్సింది బండి ఆగిపోయి దారికి అడ్డమైనప్పుడు. పైగా అవి వెలుగుతుండగా, చాలా కార్లలో కుడికో ఎడమకో ఇండికేటర్ వేసినా ఎవరికీ తెలియదు.

లారీ సంగతి. 2017 దాకా అమల్లో ఉన్న 1989 నాటి రోడ్డు నిబంధనల్లో కుడికి తిరగడానికీ, వెనకవాణ్ని దాటి వెళ్లమనడానికీ వేర్వేరు చేతి సైగలు ఉండేవి. కుడికి తిరగాలంటే కుడిచేతిని అరచెయ్యి ముందుకు ఉండేలా అడ్డంగా చాచి ఉంచాలి. వెనకవాణ్ని వెళ్లమనాలంటే చాచిన చేతిని అర్ధవృత్తంలా ముందుకూ వెనక్కీ ఊపాలి. మిణికే లైటుకు ఆ తేడా చూపే దారి లేదు, నిబంధన ప్రకారం అది కుడికి వస్తున్నానని చెప్పడమే. 'రమ్మని' వెయ్యడం కొందరు డ్రైవర్ల అలవాటు, అందరిదీ కాదు. ఆనందపురం వైపు హైవేలో డివైడర్‌కు గ్యాప్ ఉన్నచోట లారీ వేగం తగ్గించి డివైడర్ పక్కకు జరుగుతుంటే, అది యూటర్న్‌కే. ఆ కుడి సందులో దూరితే మీరు లారీకీ డివైడర్‌కీ మధ్య ఇరుక్కుంటారు.

మూడోది సగం నిజం. మోటారు వాహనాల చట్టం 121వ సెక్షన్ ప్రకారం తిరగడానికీ ఆగడానికీ లైట్లతో సైగ చెయ్యొచ్చు. కానీ మిట్టమధ్యాహ్నం బీచ్ రోడ్డు ఎండలో స్కూటర్ ఇండికేటర్ ఎవరికి కనిపిస్తుంది? బల్బు పోతే చాలా బళ్లలో మిగిలింది గబగబా కొట్టుకుంటుంది, అదే గుర్తు. అప్పుడు చెయ్యే దిక్కు. సైగ మలుపుకు ముందే ఇచ్చి, తిరిగేటప్పుడు రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచాలి. (కాలు చాచి సైగ చేసే ఆటో అన్నల పద్ధతి ఏ నిబంధనలోనూ లేదు.)

చేతి సైగల్లోనూ ఒక చిక్కుంది. ఎడమకు తిరగడానికి కుడిచేతిని అపసవ్యంగా తిప్పాలి. అది వెనకవాడికి 'దాటి వెళ్లు' అన్నట్టే కనిపించొచ్చు. కాబట్టి ఎడమ ఇండికేటర్ పనిచెయ్యకపోతే, ముందుగా అరచెయ్యి కిందికి పెట్టి చేతిని పైకీ కిందికీ ఆడించి వేగం తగ్గిస్తున్నట్టు చెప్పండి. రోడ్డు ఎడమ అంచుకు చేరాకే తిరగండి.