ఏ కణం? పరిశోధన శీర్షికను తెలుగు చేయడంలో ఒక చిక్కు

ఈ మధ్య ఒక సిద్ధాంత గ్రంథం శీర్షికను సరిచూడమని నా దగ్గరకు వచ్చింది. వేపాకు సారంతో అతి సూక్ష్మమైన వెండి రేణువులను తయారు చేసి, రొమ్ము క్యాన్సర్ కణాల మీద వాటి ప్రభావాన్ని పరీక్షించిన పని అది. గ్రంథమంతా ఇంగ్లీషులోనే ఉంది. శీర్షిక, సంగ్రహం, ఐదు కీలకపదాలు మాత్రం తెలుగులో కావాలి. పరిశోధకురాలు తానే ఒక చిత్తుప్రతి రాసి పంపారు: "రొమ్ము క్యాన్సర్ కణాలపై హరిత సంశ్లేషిత వెండి నానోకణాల కణవిష ప్రభావం."

మాటకు మాట సరిచూస్తే ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ ఆ ఒక్క వాక్యంలో 'కణం' మూడుసార్లు వచ్చింది. మొదటిది సెల్, రెండోది పార్టికల్, మూడోది మళ్లీ సెల్. విషయం తెలిసినవారు సందర్భాన్ని బట్టి సర్దుకుంటారు. తెలియనివారు 'కణవిషం' అంటే ఆ వెండి కణాలలో ఉన్న విషమనుకుంటారు. అలా అనుకోవడం వారి తప్పు కాదు.

ఈ చిక్కు ఒక్క రోజులో పుట్టింది కాదు. జీవశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో సెల్‌ను కణం అన్నారు. భౌతికశాస్త్రంలో పార్టికల్‌నూ కణమే అన్నారు. పదకోశాలు శాస్త్రాల వారీగా తయారయ్యాయి కాబట్టి ఏ శాస్త్రానికి ఆ శాస్త్రంలో ఇబ్బంది కనిపించలేదు. ఒక మీటరులో వందకోట్ల వంతును నానోమీటరు అంటారు. సుమారు 1 నుంచి 100 నానోమీటర్ల పరిమాణంలో ఉండే పార్టికల్స్‌ను సెల్స్‌లోకి పంపించే పరిశోధనలు వచ్చాక రెండు కణాలూ ఒకే వాక్యంలో తారసపడ్డాయి. ఇప్పుడు 'కణ పరిమాణం' అని కీలకపదం ఇస్తే, ఏ కణం పరిమాణమో చెప్పడం ఎవరి తరం?

వెంటనే తట్టే పరిష్కారం 'నానోపార్టికల్స్' అని ఉన్నదున్నట్టు రాసేయడం. అర్థం విషయంలో అది నిక్కచ్చిగా ఉంటుంది, కాదనను. అయితే శీర్షికలో పదం ఒంటరిగా నిలబడదు, విభక్తి తగిలించుకోవాలి. 'నానోపార్టికల్స్‌ల ప్రభావం' అంటే బహువచనం మీద బహువచనం పడుతుంది. 'నానోపార్టికల్స్ ప్రభావం' అంటే వాక్యం అతుకు ఊడినట్టు ఉంటుంది. ఇక నానో పూత, నానో తీగ లాంటి సోదర పదాలన్నీ తెలుగులో ఉండి, ఇదొక్కటే పరాయిగా మిగులుతుంది.

అందుకే నేను 'నానోరేణువు' అన్నాను. ధూళిరేణువు, పరాగరేణువు అనే మాటలు మనకు ముందే ఉన్నాయి. చూడగానే చిన్న ముక్క అనే అర్థం స్ఫురిస్తుంది. ఇది సంకర పదం కదా అన్న అభ్యంతరం వస్తుంది. కేంద్ర ప్రభుత్వం 1961లో ఏర్పాటు చేసిన శాస్త్ర సాంకేతిక పరిభాషా సంఘం నియమాల్లోనే ఇలాంటి మిశ్రమ రూపాలకు అనుమతి ఉంది. 'అయనీకరణం' ఆ బాపతుదే. అయాన్ మనది కాదు, కరణం మనది. ఇక సెల్‌ను కణంగానే ఉంచాను. 'క్యాన్సర్ కణాలు' అని పత్రికలు, వైద్యులు, రోగులు అందరూ అంటున్నారు. రెండు అర్థాలు ఢీకొన్నప్పుడు వేళ్లు లోతుగా దిగినదాన్ని కదపకూడదు, రెండోదానికే కొత్త చోటు చూపాలి.

'హరిత సంశ్లేషణ' మరో రకం ప్రమాదం. గ్రీన్ సింథసిస్ అంటే హానికర రసాయనాలకు బదులు మొక్కల సారం వంటివి వాడే తయారీ పద్ధతి. ఆకులను నీటిలో మరిగించి, వడగట్టి, ఆ సారాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో కలుపుతారు. ద్రావణం గోధుమ రంగుకు తిరిగితే వెండి రేణువులు ఏర్పడుతున్నట్టు గుర్తు. ఇందులో పచ్చదనం ఉపమానం మాత్రమే. కానీ పత్రహరితం చదువుకున్న తెలుగు పాఠకుడికి, పక్కనే వేపాకు కూడా ఉంటే, 'హరిత సంశ్లేషణ' అనగానే కిరణజన్య సంయోగక్రియ గుర్తుకు వస్తుంది. నేను ఊరికే అనడం లేదు. ఇంగ్లీషు శీర్షిక చూడని ఒక వృక్షశాస్త్ర అధ్యాపకుడికి ఈ కీలకపదాలు మాత్రమే ఇచ్చి, వీటిని ఇంగ్లీషులో ఏమంటారో రాయమన్నాను. ఆయన మొదట రాసింది ఫొటోసింథసిస్ అనే. ఈ తిరుగు పరీక్షకు పావుగంట పడుతుంది. ఒక మాటకు రెండు జవాబులు వస్తే ఆ మాట శీర్షికకు పనికిరాదు. చివరికి శీర్షిక ఇలా తేలింది: "రొమ్ము క్యాన్సర్ కణాలపై వేపాకు సారంతో తయారైన వెండి నానోరేణువుల విషప్రభావం." 'కణాలపై' అని ముందే చెప్పాం కాబట్టి 'కణవిష' అని మళ్లీ అనాల్సిన పని లేకుండా పోయింది.

కొత్త పదం ఓడిపోయే చోటు కూడా ఇదే పనిలో ఎదురైంది. కీలకపదాల్లో ఒకటి అపోప్టోసిస్. చిత్తుప్రతిలో దాన్ని 'కణమరణం' అన్నారు. వినడానికి బాగుంది, కానీ శాస్త్రం దెబ్బతింటుంది. అపోప్టోసిస్‌లో కణం తనలో ఉన్న ఏర్పాటు ప్రకారం క్రమంగా ముక్కలై ముగిసిపోతుంది. నెక్రోసిస్‌లో దెబ్బతిని, ఉబ్బి, పగిలి చస్తుంది. రెండూ కణమరణాలే. మందు పరీక్షలో అసలు ప్రశ్న ఏ చావు అన్నదే. ఆ తేడాను పట్టుకునే తెలుగు మాట స్థిరపడేదాకా అపోప్టోసిస్ అని రాయడమే నిజాయితీ. వివరణ సంగ్రహంలో ఒక వాక్యంగా ఇవ్వవచ్చు.

కీలకపదాల సంగతి శీర్షిక లాంటిది కాదు. శీర్షికను మనిషి చదువుతాడు, కీలకపదాన్ని వెతుకుతాడు. వెతికేవాడు ఏ రూపం టైపు చేస్తాడో మనకు తెలియదు. అందుకే ఇక్కడ 'నానోరేణువు', 'నానోపార్టికల్' రెండూ పక్కపక్కనే ఇవ్వాలని నా అభిప్రాయం. ఐదు పదాల పరిమితిలో ఒకటి ఖర్చయినా సరే. విభక్తి లేని మూలరూపమే ఇవ్వాలి. 'కణం' బహువచనంలో 'కణాలు' అయ్యేసరికి సున్నా ఎగిరిపోతుంది. అక్షరాలను యథాతథంగా పోల్చే శోధనలో 'కణం' అని వెతికితే 'కణాలపై' ఉన్న శీర్షిక తగలదు. 'రేణువు' ఆ విషయంలో మంచిది, 'రేణువుల'లోనూ చెక్కుచెదరదు.

ఇంగ్లీషు మాటను మన లిపిలో రాసినప్పుడు ఇంకో తలనొప్పి ఉంది. క్యాన్సర్, కేన్సర్, కాన్సర్, క్యాన్సరు అని ఒకే పదానికి నాలుగు వర్ణక్రమాలు చూశాను. గ్రంథమంతటా ఒకటే ఎంచుకోవాలి. కంటికి కనిపించని తేడా మరీ కష్టం. 'క్యాన్సర్‌పై' అని రాసేటప్పుడు ర్ కింద 'ప' వత్తు పడకుండా మధ్యలో U+200C అనే అదృశ్య అక్షరం పెడతాం. శీర్షిక నుంచి ఆ మాటను కాపీ చేసి 'పై' తీసేస్తే, ఆ అదృశ్య అక్షరం తోకలా కీలకపదానికి అంటుకుని ఉండిపోవచ్చు. తెర మీద రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి, శోధనలో మాత్రం కలవవు. అనుమానం ఉంటే పదం చివర కర్సర్ పెట్టి బాణం మీటతో ఒక అడుగు వెనక్కి జరపండి. మీట నొక్కినా కర్సర్ కదలనట్టు అనిపిస్తే, అక్కడ ఆ అక్షరం ఉండే అవకాశం ఉంది.

పరిశోధకురాలికి చివరగా పంపిన ఐదు కీలకపదాలు ఇవి: నానోరేణువు, నానోపార్టికల్, వేపాకు సారం, రొమ్ము క్యాన్సర్, అపోప్టోసిస్. ఒక్కొక్కటీ కాపీ చేయకుండా కొత్తగా టైపు చేశాను.