కఠిన చర్యలు తీసుకోబడును

తెలుగులో కర్మణి ప్రయోగం చచ్చిపోయిందని వ్యాకరణ పండితులు అప్పుడప్పుడూ బెంగపడుతుంటారు. "అన్నం నాచే తినబడెను" అని బడి పరీక్షలో తప్ప ఎక్కడా అనం కదా అని వాళ్ల బాధ. పాపం, వాళ్లెవరూ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో లేనట్టుంది. "ఫార్వర్డులు సహించబడవు. అతిక్రమించిన వారిపై కఠిన చర్యలు తీసుకోబడును." ఇక్కడ ఆ ప్రయోగం చచ్చిపోవడం కాదు, నెలకోసారి పండగ చేసుకుంటోంది.

అయితే చర్య తీసుకునేది ఎవరు, ఎప్పుడు, కఠినమంటే ఎంత? ఈ మూడూ చెప్పకుండా వాక్యం పూర్తి చేయగలగడమే కర్మణి ప్రయోగంలోని సౌకర్యం. నియమాల ప్రకటన నీరుగారిపోవడానికి సగం కారణం ఈ 'బడు'లోనే ఉందని ఈ వ్యాసకర్త దృఢాభిప్రాయం.

హైదరాబాద్‌లో 72 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఒకటి ఊహించుకుందాం. గ్రూపులో 118 మంది. ఓనర్లు, అద్దెకున్నవాళ్లు, ఫ్లాట్ అద్దెకిచ్చి డాలస్‌లో ఉంటున్నవాళ్లు, ఫ్లాట్ ఎప్పుడో అమ్మేసినా గ్రూపు మీద మమకారం చావని ఇద్దరు. గ్రూపు పెట్టింది ట్యాంకర్ ఎప్పుడొస్తుందో, లిఫ్ట్ ఎందుకాగిందో, మెయింటెనెన్స్ ఎవరు కట్టలేదో చెప్పుకోవడానికి. ఒక రాత్రి 9:40కి 304 గారు ఒక రాజకీయ వీడియో పంపారు. 501 గారు దానికి జవాబుగా ఇంకో వీడియో పంపారు. 11:20కి 46 మెసేజ్‌లు. మధ్యలో ఎవరో "మోటార్ ఆన్ చేశారా?" అని అడిగితే ఎవరికీ కనబడలేదు. 11:35కి సెక్రటరీ గారి ప్రకటన వెలువడింది:

"అందరికీ ముఖ్య గమనిక. కొందరు అనవసరమైన మెసేజ్‌లు పెట్టి గ్రూపు వాతావరణం పాడుచేస్తున్నారు. ఇకపై సహించబడదు. కఠిన చర్యలు తీసుకోబడును 🙏🙏🙏"

ఇందులో మొదటి లోపం గడియారంలో ఉంది. గొడవ వేడి తగ్గకముందు వచ్చిన నియమం ఎవరికీ నియమంలా కనబడదు, తీర్పులా కనబడుతుంది. రెండోది, 'కొందరు'. ఆ కొందరెవరో 118 మందికీ తెలుసు, 304 గారికి అందరికంటే బాగా తెలుసు. అందుకే రెండు నిమిషాల్లో "ఎవరిని ఉద్దేశించి అంటున్నారు సార్?" అని వచ్చింది. మూడోది, 'అనవసరమైన'. తాను పంపేది అనవసరమని అనుకుని పంపినవాడు వాట్సాప్ పుట్టాక ఒక్కడూ లేడు. ఇక బెదిరింపు చివర ఆ మూడు దండాలు. కర్ర ఎత్తినవాడు మధ్యలో గుర్తొచ్చి చేతులు జోడిస్తే ఎదుటివాడు ఆ కర్రని నమ్మడు, ఆ దండాన్నీ నమ్మడు.

ప్రకటన పెట్టాక సెక్రటరీ గారు నీలం టిక్కుల కోసం అర్ధరాత్రి దాకా చూస్తారు. రావు. గ్రూపులో టిక్కు నీలంగా మారాలంటే ఆఖరి మనిషి కూడా చదవాలి. 118 మందిలో ఆ ఆఖరి మనిషి ఫోన్ మార్చి రెండేళ్లయింది. ఎవరు చదివారో తెలియాలంటే మెసేజ్ మీద నొక్కి పట్టి ఇన్ఫో చూడాలి. 304 గారు 11:36కే చదివారని అక్కడ తేలుతుంది. ఆ సంగతి తెలిసి ఒరిగేదేమీ లేదు.

కొందరు అడ్మిన్లు తమ మాటకు బరువు చాలదని చట్టాన్ని అరువు తెచ్చుకుంటారు. "ఐటీ యాక్ట్ 66ఏ ప్రకారం అరెస్టు చేయబడును" అంటారు. ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. "సభ్యుల పోస్టులకు అడ్మిన్ జైలుకెళ్లాలి, నన్ను కాపాడండి" అనేది ఇంకో రకం. సభ్యుడు పెట్టిన పోస్టుకు అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని కేరళ హైకోర్టు 2022లో తేల్చింది. అడ్మిన్ తానే పెడితే మాత్రం వేరే కథ. అన్నిటికన్నా ఘనమైనది మూడు టిక్కుల ప్రకటన: రెండు నీలం, ఒకటి ఎరుపు వస్తే ప్రభుత్వం మీపై చర్య తీసుకోవచ్చట. ఇది అబద్ధమని కేంద్రప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ 2020లో చెప్పింది. అంటే ఫార్వర్డులు నిషేధిస్తూ అడ్మిన్ గారు పెట్టిందే ఫార్వర్డు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డది ఇక్కడే.

మెత్తని ప్రకటనకు పట్టే గతి కూడా చూడాలి. "ఎవరూ తప్పుగా అనుకోవద్దు, నా మాటలు నొప్పిస్తే క్షమించండి, వీలైతే ఫార్వర్డులు కాస్త తగ్గించగలరని మనవి." దీనికి 31 బొటనవేళ్లు వస్తాయి. మనవికి బొటనవేలు చూపిస్తే పాటించినట్టే లెక్క కాబట్టి మర్నాడు పొద్దున్నే మునగాకు కషాయం వీడియో యథావిధిగా వస్తుంది.

మరి పనిచేసేది ఎలా ఉంటుంది? ముందు దాన్ని గొడవ జరిగిన రాత్రి కాక, మూడు నాలుగు రోజులాగి, ఆదివారం ఉదయం పది గంటలకు పెట్టాలి. అప్పటికి టిఫిన్లు అయిపోయి ఉంటాయి. తిట్టుకోవడానికి ఓపిక ఇంకా చేరుకోదు. Read more నొక్కకుండానే మొత్తం కనబడేంత పొట్టిగా ఉండాలి, ఎందుకంటే నియమం ఆ గీత కిందికి వెళ్లిందంటే లేనట్టే. సుమారుగా ఇలా, అందులోని కబుర్ల గ్రూపు సంగతి తర్వాత చెబుతాను:

"ఈ ఆదివారం నుంచి: 1. Forwarded many times అని రెండు బాణాలతో వచ్చేది ఏదైనా నేనో, రెండో అడ్మిన్ 208 గారో చూడగానే తీసేస్తాం. మంచిదా చెడ్డదా అని చూడం. 2. ఇద్దరు ఒకే విషయం మీద చెరో ఐదు మెసేజ్‌లు దాటితే గ్రూపు రెండు గంటలు మూస్తాం. ఎవరిది తప్పో చెప్పం. 3. నెలలో మూడోసారి తీయాల్సి వస్తే ఏడు రోజులు కబుర్ల గ్రూపు బయట. ఎనిమిదో రోజు మేమే కలుపుతాం. పండగ రోజు శుభాకాంక్షలకు ఏ నియమమూ లేదు."

ఇందులో 'బడు' లేదు. తీసేది ఎవరో ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, నియమం రుచి మీద కాక గుర్తు మీద నిలబడింది. ఆ రెండు బాణాలు వాట్సాప్ తానే వేస్తుంది. పంపినవాడి నుంచి మొదలై కనీసం ఐదు చేతులు మారిన సందేశానికి అది పడుతుంది. అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది కూడా. బాణాలున్నాయా లేవా అన్నదాని మీద వాదన పెట్టుకోవడం 501 గారికి కూడా కష్టం.

లొసుగు లేదని కాదు. మాటర్ కాపీ చేసి అతికిస్తే బాణాలు మాయమవుతాయి. ఫొటో ఫోన్‌లో దాచుకుని కొత్తగా పంపినా అంతే. ఈ విద్య పెద్దవాళ్లు వారంలో నేర్చుకుంటారు (బ్యాంకు యాప్ నేర్పమంటే మాత్రం కళ్లు కనబడవు). అందుకని "యాజ్ రిసీవ్డ్" అని ఉన్నదాన్ని కూడా ఫార్వర్డుగానే లెక్కించాలి. పంపినవాడే బాధ్యత లేదని రాసిచ్చాక దాన్ని తీసేయడానికి మొహమాటమెందుకు? రక్తం కావాలి, పిల్లాడు తప్పిపోయాడు లాంటివాటికి ఒక మినహాయింపు పెట్టొచ్చు: పంపేవారు ముందు ఆ నంబరుకు తామే ఫోన్ చేసి, ఎన్ని గంటలకు మాట్లాడారో రాయాలి. పిల్లాడు దొరికి డిగ్రీ పూర్తిచేసినా తిరుగుతూనే ఉండే సందేశాలు ఈ ఒక్క ఫోన్‌కాల్ దగ్గర ఆగిపోతాయి.

శిక్ష దగ్గరే చాలా అసోసియేషన్లు బోల్తాపడతాయి. ఒక్క మనిషి నోరు మాత్రమే కట్టేసే మీట వాట్సాప్ గ్రూపులో లేదు. అయితే అడ్మిన్లు తప్ప అందరి నోరూ కట్టాలి, లేదా ఆ ఒక్కరినీ బయటికి పంపాలి. ఉన్నది ఒకే గ్రూపైతే, బయటికి పంపిన 304 గారికి రేపు నీళ్లు రావన్న కబురు అందదు. ఆయన బకెట్లు నింపుకోరు. ఆ నెల మెయింటెనెన్స్ కట్టరు. అడిగితే "నేను గ్రూపులో లేనుగా" అంటారు, అందులో న్యాయం కూడా ఉంది. కాబట్టి నియమాలు రాయడానికి ముందే గ్రూపును రెండు చేయాలి. ఒకటి నోటీసులకు: అడ్మిన్లే రాస్తారు, అందులోంచి ఎవరినీ ఎప్పటికీ తీయరు. రెండోది కబుర్లకు: శిక్షంటూ ఉంటే ఇక్కడే. నీళ్లు ఆపకుండా నోరు ఆపే మార్గం ఇదొక్కటే కనబడుతోంది.

తొలగింపు గురించి మరో సంగతి. ఎవరంతట వారు వెళ్లిపోతే అడ్మిన్లకే కబురు అందుతుంది. అడ్మిన్ తీసేస్తే మాత్రం ఎవరు ఎవరిని తీశారో గ్రూపంతా చూసేలా ఒక గీత పడుతుంది. మెసేజ్ తీసినా అంతే, అడ్మిన్ తీసేసినట్టు గుర్తు మిగులుతుంది. దాని కింద "ఏం తీశారు?" "చూసేలోపే పోయిందే" అని ఓ పది మెసేజ్‌లు మొలుస్తాయి. అందుకే తీయడం గ్రూపులో, కారణం చెప్పడం విడిగా: "అంకుల్, రెండు బాణాలది తీశాను, ఈ నెల ఇది రెండోది." ఇంతే. క్షమాపణా వద్దు, ఉపన్యాసమూ వద్దు. స్నేహమనేది ప్రకటనలో కాదు, ఈ విడి మెసేజ్‌లో ఉండాలి. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. గ్రూపులో దండాలు పెడతారు, విడిగా తిడతారు.

గొడవకు గ్రూపు మూసేటప్పుడు ఎప్పుడు తెరుస్తారో గంటతో సహా రాయాలి. "తాత్కాలికంగా మూయడమైనది" అంటే మనవాళ్లకు పాత ప్రభుత్వ కార్యాలయం గుర్తొస్తుంది, ఇక తెరవరనుకుని పక్కనే కొత్త గ్రూపు పెట్టేస్తారు. గొడవలో అడ్మినే ఒక పక్షమైతే మూసేది రెండో అడ్మిన్. 208 గారి అవసరం అందుకే. ఆవిడ మెయింటెనెన్స్ బకాయి లేని మనిషై ఉండాలన్నది రాయని నియమం.

ఇవన్నీ చేశాక ప్రకటనను 30 రోజులు పిన్ చేసి, మొదటి ఉల్లంఘన కోసం ఎదురుచూడాలి. ఎక్కువసేపు పట్టదు. సోమవారం 6:12కి అసోసియేషన్ ప్రెసిడెంట్ గారే, రిటైర్డ్ హెడ్మాస్టరు, నియమాలు చదివి మెచ్చుకున్నవారు, మన జాతీయగీతాన్ని యునెస్కో ప్రపంచంలోకెల్లా ఉత్తమమైనదిగా ప్రకటించిందన్న పాత అబద్ధాన్ని రెండు బాణాలతో పంపుతారు. 118 మందీ నిద్రమొహాలతో సెక్రటరీ గారి వేలు వైపు చూస్తుంటారు. 6:30లోపు అది పోతే 304 గారు ఆ వారం వీడియో పంపరు. ఎనిమిదైనా అక్కడే ఉంటే, ఆయన 8:05కి రెండు పంపుతారు.