చెట్టు కింద కూర్చున్న పిల్లకు ఆటల పీరియడ్ లేనట్టే

"ఒకే టీచర్ ఉన్న బడులకు సూచన. 1) ఐదు తరగతుల పిల్లల్ని కలిపి ఆడించకండి, చిన్నవాళ్లకు దెబ్బలు తగులుతాయి. 4, 5 తరగతుల వాళ్లను ఆడించండి. 1, 2 తరగతుల వాళ్లను చెట్టు కింద కూర్చోబెడితే చూసి నేర్చుకుంటారు. 2) సామాన్లు లేకపోతే మైదానం చుట్టూ పది రౌండ్లు పరుగెత్తిస్తే చాలు. 3) పీఈటీ లేకుండా ఆటలు నేర్పడం కుదరదు. అందరికీ షేర్ చేయండి."

ఈ వారంలో ఇది నాకు నాలుగు గ్రూపుల్లో వచ్చింది. పంపినవాళ్లలో నాతో కలిసి డీఎడ్ చదివినవాళ్లు కూడా ఉన్నారు, అందుకే ఎక్కువ బాధేసింది. నేను దేవరకొండ వైపు ఒక తండా బడిలో ఒక్కడినే టీచర్‌ని. పిల్లలు 19 మంది.

మూడో మాట ముందు తేల్చేస్తాను. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో కూడా వంద మంది దాటితేనే వ్యాయామానికి పార్ట్ టైం టీచర్ ఉండాలి. మన ప్రాథమిక బడికి పీఈటీ వచ్చేదాకా ఆగితే ఈ పిల్లలు పెళ్లీడుకొస్తారు.

రెండోదానికీ ఎక్కువ మాటలు అక్కర్లేదు. సామాన్లకు సమగ్ర శిక్ష కింద ప్రాథమిక బడికి ఏడాదికి 5,000 రూపాయల క్రీడా గ్రాంటు ఉంది. అది చేతికి రాని ఏడాది కూడా పాత బట్టలతో బంతి చుట్టుకోవచ్చు, పగిలిన గూన పెంకులు ఏరుకోవచ్చు. పది రౌండ్ల సంగతి మాత్రం ప్రమాదం. ఫిబ్రవరి చివరికే మా దగ్గర మధ్యాహ్నం నేల కాలుతుంది, సగం మంది పిల్లలకు చెప్పులుండవు. ఐదో తరగతి పిల్లాడికి సరిపోయే పరుగుకు ఒకటో తరగతి పిల్ల మూడో రౌండ్‌లోనే తల పట్టుకుని కూలబడుతుంది. ముఖం ఎర్రబడినా, వాంతి వస్తుందన్నా వెంటనే ఆపి నీడకు తీసుకెళ్లాలి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి నీళ్లు పట్టాలి. అసలు అక్కడిదాకా ఎందుకు తీసుకెళ్లాలి?

ఇక మొదటి మాట. మొత్తం మెసేజ్‌లో నాకు కోపం తెప్పించింది ఇదే. మా 19 మందిలో ఒకటి, రెండు తరగతుల వాళ్లే తొమ్మిది మంది. అంటే సగం బడిని కూర్చోబెట్టమంటున్నారు. ఐదేళ్లు దాటిన పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. చూస్తే బంతి విసరడం రాదు, విసిరితేనే వస్తుంది. పైగా చిన్నవాళ్లు చెట్టు కింద కూర్చుంటారని ఎవరన్నారు? నేను కొత్తలో అదే చేశాను. పది నిమిషాల తర్వాత తిరిగి చూస్తే ఇద్దరు బోరింగు దగ్గర ఉన్నారు, ఒకడు రోడ్డెక్కాడు. నా కళ్లు పెద్దవాళ్ల ఆట మీదే ఉన్నాయి. ఆ రోజు భయం నాకు ఇంకా పోలేదు.

కాబట్టి కలిపే ఆడించాలి. కాకపోతే అందరికీ ఒకే కొలత పెట్టకూడదు. ఏడు పెంకులాటనే తీసుకుందాం, మేం వారానికి రెండుసార్లు ఆడతాం.

ముందు అందరినీ ఎత్తు ప్రకారం నిలబెడతాను. తరగతి చూడను, ఎందుకంటే రెండో తరగతిలోనే మూడో తరగతివాళ్లంత ఎత్తున్న పిల్లలుంటారు. పొట్టి నుంచి పొడుగుకు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టి, మళ్లీ నాలుగు, మూడు, రెండు, ఒకటి అని వెనక్కి వస్తాను. ప్రతిసారీ ఒకటి నుంచే మొదలుపెడితే ప్రతి నలుగురిలో పొడుగువాళ్లు నాలుగో జట్టులోకే పోతారు. ఇలా నాలుగు జట్లయ్యాక రెండు జట్లు పెంకులాట, మిగతా రెండు గోడవారన తొక్కుడుబిళ్ల, తాడాట. పదిహేను నిమిషాలకు విజిల్ వేసి మారుస్తాను. గోడకు వీపు ఆనించి పెంకులాట దగ్గర నిలబడతాను, అక్కడి నుంచి రెండూ కనబడతాయి.

పెంకుల ముందు మూడు గీతలుంటాయి. బాగా చిన్నవాళ్లు మూడు అడుగుల నుంచి, నడిమివాళ్లు ఐదు నుంచి, పెద్దవాళ్లు ఏడు అడుగుల నుంచి విసరాలి. బంతి గుడ్డదే, మోకాలి కిందనే కొట్టాలి. చిన్నవాళ్లను కొట్టాలంటే పెద్దవాళ్లు బంతిని నేల మీద దొర్లించాలి తప్ప విసరకూడదు. బంతి తగిలినవాళ్లు అవుట్ కారు, వేపచెట్టును ముట్టుకుని మళ్లీ ఆటలోకి వస్తారు. అవుట్ చేసి కూర్చోబెడితే మొదట కూర్చునేది ఎప్పుడూ ఆట రాని పిల్లే, ఆమెకే ఆట ఎక్కువ కావాలి.

ఇన్ని చేసినా మొదటి వారం లెక్క తప్పింది. అందరూ పరుగెడుతున్నారు, కేకలు వేస్తున్నారు, బాగానే ఉందనుకున్నాను. అనుమానం వచ్చి ఒక ఐదు నిమిషాలు ఇద్దరినే గమనించి, బంతి ముట్టుకున్నప్పుడల్లా నేల మీద గీత గీశాను. ఐదో తరగతి పిల్లాడికి పదకొండు గీతలు పడ్డాయి. ఒకటో తరగతి పిల్లకు ఒక్కటి కూడా లేదు. ఆ పిల్ల ఐదు నిమిషాలూ బంతి వెనకాల తిరిగింది, అంతే. మర్నాడు రెండు నియమాలు కలిపాను: కొట్టేముందు బంతి ముగ్గురి చేతులు మారాలి, ఆ ముగ్గురిలో ఒకరు చిన్నవాళ్లై ఉండాలి, అడుగు పెంకులు మూడూ చిన్నవాళ్లే పేర్చాలి. మళ్లీ లెక్కపెడితే ఆ పిల్లకు నాలుగు గీతలు వచ్చాయి. మీ బడిలో కలిపి ఆడించడం సరిగ్గా నడుస్తోందో లేదో తెలుసుకోవడానికి ఈ గీతలు చాలు.

జట్టు పెద్దలుగా ఐదో తరగతివాళ్లను పెడతాను. వాళ్ల పని వంతు లెక్కపెట్టడం, చిన్నవాళ్లకు నియమం చెప్పడం, అంతవరకే. ఒకటో తరగతి పిల్లలకు నా తెలుగు ఇంకా సగమే అర్థమవుతుంది. జట్టు పెద్దలు లంబాడీలో ఒక్కసారి చెబితే అయిపోతుంది. తరగతులు విడదీస్తే ఈ సాయం నాకు ఎక్కడ దొరుకుతుంది? అయితే పెత్తనం తలకెక్కి చెయ్యి చేసుకున్నవాడిని అదే రోజు మార్చేస్తాను.

ఒకటి ఒప్పుకోవాలి. దెబ్బల గురించి ఆ మెసేజ్ చెప్పింది కబడ్డీ విషయంలో నిజమే. ఐదో తరగతి పిల్లాడి బరువు ఒకటో తరగతి పిల్లాడికి ఒకటిన్నర రెట్లు ఉంటుంది. పట్టుకుని లాగే ఆటలో ఏ గీతా, ఏ నియమమూ ఆ తేడాను పూడ్చలేదు. కబడ్డీ నేను ఎత్తు సరిపోయినవాళ్ల మధ్యే పెడతాను, ఆ సమయంలో మిగతావాళ్లు గోడవారన తాడాట ఆడతారు.

ఇంకోటి కూడా. విద్యాహక్కు చట్టమే 60 మందిలోపు పిల్లలున్న ప్రాథమిక బడికి కూడా ఇద్దరు టీచర్లు ఉండాలంటుంది. ఆ రెండో మనిషి లేని లోటు ఒక పిల్లకు మోకాలు చీరుకుపోయిన రోజు తెలుస్తుంది. అందుకే మా బడిలో పొడుగు విజిల్ వేస్తే అన్ని ఆటలూ ఆగాలి, ఎక్కడివాళ్లు అక్కడే కూర్చోవాలి, ఒక జట్టు పెద్ద వంటమ్మను పిలుచుకు రావాలి. ఆమె వచ్చి మిగతా పిల్లల దగ్గర నిలబడ్డాకే నేను ఆ పిల్లను తీసుకుని నీళ్ల దగ్గరకు వెళ్తాను. దీన్ని నెలకోసారి ఎవరికీ దెబ్బ తగలకపోయినా ఆడిస్తాం. పోయిన నెల ఒకటో తరగతివాళ్లే అందరికంటే ముందు కూర్చున్నారు.