పని ముగిసినా ఆగని మీటింగ్‌ను ఎలా ఆపాలి?

మా టీమ్‌కి ప్రతి మంగళవారం ఒక కాల్ ఉండేది. అమెరికా తూర్పు తీరంలో ఉదయం 11 గంటలకు. హైదరాబాద్‌లో మాకు అది వేసవిలో రాత్రి 8:30, నవంబర్‌లో అక్కడ గడియారాలు మార్చాక 9:30. పాత డేటాబేస్ నుంచి కొత్తదానికి మారే పని కోసం మొదలుపెట్టారు. ఆ పని పూర్తయి ఐదు నెలలైనా కాల్ మాత్రం నడుస్తూనే ఉంది. 14 మంది, 45 నిమిషాలు. అందరి సమయం కలిపితే వారానికి పదిన్నర గంటలు.

మీటింగ్ పెట్టినావిడ మిగతావాళ్లకు అవసరమేమో అనుకున్నారు. మిగతావాళ్లు ఆవిడకు అవసరమని అనుకున్నారు. ఇలాంటివి ఎక్కువగా ఈ మొహమాటం మీదే నడుస్తాయి.

అందుకే ఆపే ముందు ఒక్కొక్కరినీ విడిగా అడిగాం: "ఈ కాల్ లేకపోతే మీకు ఏం తెలియకుండా పోతుంది?" పన్నెండు మంది ఏమీ లేదన్నారు. ఎప్పుడూ మాట్లాడని టెస్టర్ మాత్రం, రిలీజ్ తేదీ మారిన సంగతి తనకు అక్కడే తెలుస్తుందని చెప్పింది. ఇంకొకరికి బిల్లుల ఆమోదం అక్కడే జరుగుతుంది. అందరిలో అడిగి ఉంటే వీళ్లిద్దరూ నోరు విప్పేవాళ్లు కాదు. రిలీజ్ తేదీలు ఇకపై సోమవారం టీమ్ చాట్‌లో పెట్టాలని, బిల్లులు మెయిల్‌లో చూడాలని ఖాయం చేశాకే, రెండు వారాల ముందుగా కాల్‌లో ముగింపు గురించి చెప్పాం.

క్యాలెండర్‌లో జరిగే పొరపాటు పెద్దది. గూగుల్ క్యాలెండర్‌లో సిరీస్‌ని తొలగించేటప్పుడు All events నొక్కితే జరిగిపోయిన మీటింగులు కూడా అందరి క్యాలెండర్ల నుంచి పోతాయి. వాటికి జతచేసిన నోట్స్ లింకులూ అక్కడ కనిపించవు. చివరి కాల్ తర్వాతి వారం మీటింగ్ తెరిచి This and following events ఎంచుకోవాలి. అదీ మీటింగ్ పెట్టినవారే చేయాలి, వేరేవాళ్లు తొలగిస్తే వాళ్ల క్యాలెండర్‌లోంచే పోతుంది. రద్దు మెయిల్ పంపాలా అని అడిగినప్పుడు పంపమనే చెప్పాలి. కబురు లేకుండా మాయమైతే తమను తీసేశారేమో అని కొందరికి టెన్షన్. మేం రాసింది ఇంతే:

"డేటాబేస్ పని పూర్తయింది కాబట్టి మంగళవారం కాల్ ఈ వారంతో ముగిసింది. రిలీజ్ తేదీలు సోమవారం టీమ్ చాట్‌లో వస్తాయి. బిల్లులు మెయిల్‌లో చూస్తాం. పాత నోట్స్ అదే ఫోల్డర్‌లో ఉన్నాయి."

అయినా తర్వాతి మంగళవారం క్లయింట్ వైపు ఒకాయన లింక్ తెరిచి పది నిమిషాలు ఒంటరిగా ఎదురుచూశారు. ఆయన ఆహ్వానితుల జాబితాలో లేరు. ఎవరో పంపిన లింక్‌ను సొంత క్యాలెండర్‌లో రాసుకుని వస్తున్నారు, కాబట్టి రద్దు మెయిల్ ఆయనకు చేరే దారే లేదు. జాబితా ఒక్కటే కాకుండా, చివరి నాలుగైదు కాల్స్‌కు నిజంగా వచ్చినవాళ్ల పేర్లు కూడా చూసుకుని ఉండాల్సింది. మరుసటి రోజు ఆయనకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పి, అదే మెయిల్ విడిగా పంపాం.