ఫోర్క్ కనిపించగానే ఆగిపోయే లెక్క: ఏడు ఎత్తుల్లో ముగిసే ఒక ఆట చెప్పేది

ఇటాలియన్ ఓపెనింగ్‌లో మూడో ఎత్తుగా నల్లవైపు ఆటగాడు గుర్రాన్ని c6 నుంచి d4కి దూకిస్తే, e5 బంటుకు కాపలా పోతుంది. తెల్లకు అది ఉచితంగా దొరికిన బంటులా కనిపిస్తుంది. దీన్ని బ్లాక్‌బర్న్ షిల్లింగ్ గ్యాంబిట్ అంటారు. ఆన్‌లైన్‌లో మూడు నిమిషాల ఆటలు ఆడేవాళ్లలో దీని బారిన పడనివాళ్లు తక్కువ. పడినవాళ్లు సాధారణంగా "ట్రాప్ తెలియక పోయింది" అని సరిపెట్టుకుంటారు. నా ఉద్దేశంలో ట్రాప్‌ను బట్టీ పట్టాల్సిన అవసరం లేదు. ఇక్కడ తప్పేది లెక్క ఆపే చోటు. ఆ చోటును సరిచూసుకోవడం వస్తే ఈ ఓపెనింగ్ పేరు వినకపోయినా బయటపడొచ్చు.

బోర్డు ముందు పెట్టుకుని చదవండి. ఆట ఇలా నడుస్తుంది:

```
1. e4 e5 2. Nf3 Nc6 3. Bc4 Nd4
4. Nxe5 Qg5 5. Nxf7 Qxg2
6. Rf1 Qxe4+ 7. Be2 Nf3#
```

తెల్ల ఆటగాడు నాలుగో ఎత్తు వేసేముందు ఏం చూసి ఉంటాడో ఊహించడం కష్టం కాదు. e5 బంటును కొడతాను, నల్ల క్వీన్ g5కి వచ్చి నా గుర్రాన్నీ g2 బంటునూ ఒకేసారి పట్టుకుంటుంది, అప్పుడు నా గుర్రం f7 బంటును కొట్టి క్వీన్‌నూ h8 రూక్‌నూ ఫోర్క్ చేస్తుంది. ఇక్కడికి వచ్చాక మనసు ఊపిరి పీల్చుకుంటుంది. రెండు బంట్లు చేతికొచ్చాయి, రూక్ రాబోతోంది, కాబట్టి లెక్క అయిపోయింది అనుకుంటుంది.

కంప్యూటర్ చదరంగంలో ఈ జబ్బుకు హొరైజన్ ఎఫెక్ట్ అని 1973లో పేరు పెట్టినవాడు హాన్స్ బెర్లైనర్. ఆయన కంప్యూటర్ శాస్త్రవేత్త, ఉత్తరాల ద్వారా ఆడే చదరంగంలో ప్రపంచ చాంపియన్ కూడా. ప్రోగ్రాం నిర్ణీత లోతు వరకే చూసి విలువ కడుతుంది కాబట్టి, ఆ అంచుకు ఒక్క ఎత్తు అవతల ఉన్న నష్టం దానికి లేనట్టే లెక్క. మనిషి విషయంలో ఆ అంచును సంఖ్య నిర్ణయించదు, తృప్తి నిర్ణయిస్తుంది. ఫోర్క్, పిన్, రూక్ దొరకడం లాంటి మంచి వార్త ఎక్కడ ఎదురైతే అంచు అక్కడే పడుతుంది. అందుకే "ఇంకా లోతుగా చూడు" అనే సలహా పెద్దగా పనికిరాదు. ఐదు ఎత్తులు చూడగలిగినవాడు కూడా మూడో ఎత్తులో మంచి వార్త వింటే అక్కడే ఆగిపోతాడు.

పనికొచ్చే పరీక్ష ఇది. లెక్క ఆపాలనుకున్న స్థితిలో, ఎదుటివాడి వంతు వచ్చినప్పుడు, అతని దగ్గర ఒక చెక్ గానీ, ఏదైనా ముక్కను కొట్టే ఎత్తు గానీ, నా పెద్ద ముక్కను బెదిరించే ఎత్తు గానీ ఉందా? ఉంటే ఆ స్థితి ఇంకా ఉడుకుతోంది, విలువ కట్టడానికి వీల్లేదు. 5.Nxf7 తర్వాత నల్ల క్వీన్ మీద దాడి ఉంది, నిజమే. అయితే దాడిలో ఉన్న క్వీన్ పారిపోవాలన్న నియమం తప్ప, ఉత్త చేతులతో పారిపోవాలన్న నియమం ఏదీ లేదు. అది g2 బంటును కొడుతూ పారిపోతుంది, పోయిన చోటు నుంచి h1 రూక్‌ను బెదిరిస్తుంది. "అతను క్వీన్‌ను కాపాడుకోవాలి" అని మనం అనుకున్న వాక్యంలోనే ఈ ఎత్తు దాక్కుని ఉంది.

అక్కడి నుంచి రెండు ప్రధాన దారులు చూద్దాం. 6.Nxh8 అంటే నల్ల క్వీన్ h1 రూక్‌ను చెక్‌తో కొడుతుంది. 7.Bf1 అడ్డం పెడితే 7...Qxe4+, దానికి 8.Be2 వేస్తే 8...Nxc2+. ఆ గుర్రాన్ని క్వీన్ కొడితే e4లో ఉన్న నల్ల క్వీన్ తిరిగి కొడుతుంది, అంటే ఒక గుర్రానికి క్వీన్ పోయింది. కొట్టకుండా రాజు f1కి జరిగితే Qh1తో మేట్. రెండో దారి 6.Rf1. అప్పుడు Qxe4+, Be2, Nf3 మేట్. చివర్లో బిషప్ బదులు క్వీన్‌ను e2లో అడ్డం పెడితే నల్ల గుర్రం దాన్ని కొట్టేస్తుంది.

ఆ మేట్‌ను కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే అది కనిపించకపోవడానికి కారణం అందులోనే ఉంది. f3 గడిని మామూలుగా g2 బంటు కాపలా కాస్తుంది. నల్ల ఐదో ఎత్తులో ఆ బంటు పోయింది. రాజు పారిపోవడానికి f1 ఖాళీగా ఉండేది. తెల్ల ఆరో ఎత్తులో అక్కడికి మన రూకే వచ్చి కూర్చుంది. e2లో ఉన్న బిషప్ f3లోని గుర్రాన్ని కొట్టగలదు అనిపిస్తుంది, కానీ అది e4 క్వీన్‌కూ మన రాజుకూ మధ్య ఇరుక్కుని ఉంది, కదలలేదు. మూడు మార్పులూ దారి మధ్యలోనే జరిగాయి, వాటిలో రెండు మన చేతులతో చేసినవే. తలలో లెక్క వేసేటప్పుడు మనం ముక్కలను జరుపుతాం గానీ, ఖాళీ అయిన గడులను చెరిపెయ్యం. ఏడో ఎత్తు దగ్గర కూడా మన ఊహలోని బోర్డులో g2 బంటు నిలబడే ఉంటుంది.

దీనికి మందు చిన్నదే. బలవంతపు వరుసలో ఏదైనా ముక్క లేదా బంటు బోర్డు నుంచి పోయిన ప్రతిసారీ "ఇది పోయింది, ఇది కాసే గడులు ఇవి" అని మనసులో మాటల్లో చెప్పుకోవాలి. "g2 పోయింది, f3, h3 గడులకు బంటు కాపలా లేదు." ఒక్క వాక్యం చాలు, గుర్రం f3కి దూకే ఎత్తు కంటికి తగులుతుంది.

పాత బోర్డు తలలో ఉండిపోవడం కొత్తవాళ్ల సమస్యే అనుకోవద్దు. 2006లో బాన్ నగరంలో డీప్ ఫ్రిట్జ్ ప్రోగ్రాంతో జరిగిన రెండో ఆటలో, అప్పటి ప్రపంచ చాంపియన్ వ్లదిమిర్ క్రామ్నిక్ 34వ ఎత్తుగా క్వీన్‌ను e3లో పెట్టాడు. తెల్ల క్వీన్ e4 నుంచి h7కి వచ్చి ఒక్క ఎత్తులో మేట్ చేసింది. అంతకుముందు ఎత్తులోనే తెల్ల గుర్రం f8లో ముక్కను కొట్టి అక్కడ నిలబడింది, దాంతో h7 గడి దాని కాపలాలోకి వచ్చింది. చివరగా కొట్టిన ముక్క ఎక్కడ నిలబడింది, ఇప్పుడు ఏ గడులను చూస్తోంది అనే ప్రశ్న అంతటివాడికీ అవసరమే.

ఇక పరిశీలించాల్సిన ఎత్తులు, అంటే క్యాండిడేట్ ఎత్తుల సంగతి. సోవియట్ గ్రాండ్‌మాస్టర్ అలెగ్జాండర్ కోటోవ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి తెలిసిందే: ముందు జాబితా తయారు చెయ్యి, ఆ తర్వాతే ఒక్కొక్కదాని లోతుకు వెళ్లు. ఒక్కో కొమ్మను, అంటే ఒక్కో ఎత్తు నుంచి సాగే వరుసను, ఒక్కసారి మాత్రమే చూడాలన్న ఆయన పట్టుదలను అక్షరాలా పాటించేవాళ్లు తక్కువ, పాటించాల్సిన పని కూడా లేదనుకుంటాను. ఒక కొమ్మలో దొరికిన ఆలోచనతో పక్క కొమ్మకు తిరిగి వెళ్లడం సహజం. కానీ జాబితా ముందు, లోతు తర్వాత అన్న వరుస మాత్రం వదలకూడదు. మన ఆటలోనే చూడండి. 4...Qg5 తర్వాత ఫోర్క్ ముందు కంటపడింది కాబట్టి తెల్ల ఆటగాడు దాంట్లోకే దిగిపోయాడు. చెక్‌లు మొదట, కొట్టేవి తర్వాత, బెదిరింపులు ఆ తర్వాత అన్న క్రమంలో జాబితా రాసి ఉంటే మొదటి పేరు వేరే ఉండేది: 5.Bxf7+.

అదే f7 బంటు, అదే గడి. తేడా అల్లా చెక్ ఒక్కటే. గుర్రంతో కొడితే నల్లకు ఇష్టమొచ్చిన జవాబు ఉంటుంది. బిషప్‌తో కొడితే రాజు కదలక తప్పదు. e5 గుర్రం కాపు ఉంది కాబట్టి ఆ బిషప్‌ను రాజు కొట్టలేడు, e7కో d8కో జరగాలి. 5...Ke7 అయితే 6.O-O, ఇప్పుడు g2 బంటుకు రాజే కాపలా. 6...Qxe5 7.Bxg8 Rxg8 8.c3 Nc6 9.d4. ఇక్కడ లెక్క కట్టొచ్చు. తెల్ల గుర్రం, బిషప్ పోయాయి. నల్లకు ఒక గుర్రం, రెండు బంట్లు పోయాయి. అంటే రెండు బంట్లకు ఒక ముక్క తక్కువ. అయితే నల్ల రాజు e7లో నడిమధ్య చిక్కుకున్నాడు, d4 బంటు క్వీన్‌ను తరుముతోంది, మధ్య గడులు తెల్లవి. గెలుపు కాదు, ఆడదగిన ఆట. జాబితాలో మిగతావి ఇంకా అధ్వానం: 5.O-O అంటే e5 గుర్రం ఊరికే పోతుంది, 5.Ng4 అంటే 5...d5తో బిషప్, గుర్రం రెండూ ఒకేసారి దాడిలో పడతాయి.

చాలామంది ఇక్కడ 5.Bxf7+ "కనిపెట్టాం" అని సంతోషిస్తారు. నేను మరో అడుగు వెనక్కి వేయమంటాను. నాలుగో ఎత్తు ఇంకా వేయలేదనుకోండి. 4.Nxe5 కొమ్మ చివర మనకు దొరికే మంచి ఫలితమే ముక్క తక్కువ ఆట అని తేలింది కదా. ఆ ఫలితాన్ని పట్టుకుని మొదటి జాబితా దగ్గరికి తిరిగి రావాలి. అక్కడ చెక్ ఒకటి ఉంది, 4.Bxf7+. రాజు బిషప్‌ను కొట్టాక గుర్రం e5 బంటును చెక్‌తో కొట్టినా, రెండు బంట్లకు బిషప్ ఇచ్చినట్టే. కొట్టే ఎత్తులు e5లో ఒకటి, d4లో ఒకటి. అందరూ మర్చిపోయేది ఈ రెండోదే, ఎందుకంటే అది ఏమీ గెలవదు.

4.Nxd4 exd4 5.O-O. ఇప్పుడు అదే పరీక్ష పెట్టండి. నల్లకు చెక్ లేదు, కొట్టడానికి లాభసాటిది ఏదీ లేదు. ఒకే గుర్రాన్ని రెండుసార్లు కదిపి పోగొట్టుకున్నాడు, బయటికి వచ్చిన ముక్క మరొకటి లేదు. నాలుగో ఎత్తులో d4 గుర్రాన్ని తిరిగి కొట్టకుండా 4...Qg5 వేస్తే 5.Nf3తో మన గుర్రం క్వీన్‌ను బెదిరిస్తూ వెనక్కి వస్తుంది, నల్లకు అప్పటికే ఒక ముక్క తక్కువ. కొట్టాక ఐదో ఎత్తులో క్వీన్ g5కి వస్తే 6.d3 చాలు. c1 బిషప్‌కు దారి తెరుచుకుని క్వీన్ మళ్లీ కదలాల్సి వస్తుంది.